దీర్ఘం కనుబొమల్లో ఉంది

బెంగళూరులో మన తెలుగు సంఘాల ఉగాది సభలకు బధిరులూ వస్తారు. గుమ్మం దగ్గర నిలబడే కార్యకర్తలకు సంజ్ఞా భాషలో పలకరింపు నేర్పాలంటే, చేతుల బొమ్మలున్న చార్టు ఒకటి గోడకు అంటిస్తే చాలని మనలో చాలామంది అనుకుంటారు. చాలదు. ఆ చార్టులో ముఖం ఉండదు.

"బాగున్నారు", "బాగున్నారా" అన్న మాటల మధ్య తేడా ఒక్క దీర్ఘమే. భారతీయ సంజ్ఞా భాషలో ఆ దీర్ఘం పని ముఖానిది. ఎదుటివారిని చూపి, బొటనవేలు పైకెత్తితే మీరు బాగున్నారని చెప్పినట్టు. చేతులు అవే ఉంచి, కళ్లు విప్పార్చి, కనుబొమలెత్తి, తల కాస్త ముందుకు తెస్తే బాగున్నారా అని అడిగినట్టు. కొత్తవాళ్లు చేతులు దించేశాక గుర్తొచ్చి కనుబొమలెత్తుతారు. అప్పటికే వాక్యం అయిపోయింది. ఎదుటివారు నవ్వి తలూపి ఊరుకున్నారంటే మీ ప్రశ్న వాళ్లకు ప్రశ్నగా అందలేదని అర్థం. కనుబొమలు చేతులతో పాటే లేవాలి, జవాబు మొదలయ్యేదాకా దిగకూడదు.

"ఎలా ఉన్నారు" అన్నప్పుడు తల కదలిక మారుతుంది. ప్రశ్న సంజ్ఞ చివర్లో వస్తుంది, గడ్డం కాస్త పైకి లేస్తుంది. అమెరికా వీడియోలు చూసి నేర్చుకున్న పిల్లలు ఇక్కడ కనుబొమలు ముడుస్తారు. అక్కడి సంజ్ఞా భాషలో అది సరైనదే, ఇక్కడి వ్యాకరణం వేరు.

మన అలవాట్లు రెండు ఇందులో అడ్డొస్తాయి. పెద్దవాళ్లకు నమస్కారం పెడుతూ కళ్లు దించుతాం. నోటితో పలకరించేటప్పుడు గొంతు వినిపిస్తుంది కాబట్టి ఫరవాలేదు. ఇక్కడ మాత్రం చూపు తెగితే మాటే తెగినట్టు. నడుము కొద్దిగా వంచండి, చూపు మాత్రం వాళ్ల ముఖం మీదే ఉండనివ్వండి. మర్యాద కదలిక నెమ్మదిలో కనిపిస్తుంది: స్నేహితుడికి చేయి చురుగ్గా ఊపితే చాలు, పెద్దలకు చేతులు నిదానంగా జోడించి ఒక క్షణం అలాగే ఆపాలి. రెండోది, ఔననడానికి మనం తల అటూ ఇటూ ఆడించడం. అడ్డంగా తలాడించడం సంజ్ఞా భాషలో కాదనడం. బొటనవేలు ఎత్తి తల అలా ఆడిస్తే "బాగాలేను" అనుకునే ప్రమాదముంది. నిలువుగా ఊపండి.

ఇవన్నీ చూపు కలిశాకే. వెనక నుంచి వెళ్లకండి. ఎదురుగా మూడు నాలుగు అడుగుల దూరంలో నిలబడి, ఛాతీ ఎత్తులో చేయి ఊపండి. చూడకపోతే భుజం మీద రెండుసార్లు మెల్లగా తట్టి, వాళ్లు తిరిగి చూసేదాకా చేతులు కదపకుండా ఆగండి.

ఇక పన్నీరు బల్ల సంగతి. హాలు గుమ్మానికి అడ్డంగా, ఎండకు వీపు పెట్టి నిలబడితే కార్యకర్త ముఖం నల్లటి నీడైపోతుంది, కనుబొమలు కనబడవు. బల్లను లోపలి పక్క గోడకు జరిపి, వెలుతురు ముఖం మీద పడేలా నిలబెట్టాలి.