ఇంకెన్ని రోజులు మానొచ్చు? హాజరు పట్టిక చెప్పని లెక్క

నెలాఖరుకి తరగతులవారీ హాజరు పట్టిక తయారవుతుంది. ప్రతి తరగతికి ఒక సగటు శాతం ఉంటుంది, పరీక్షకు కావాల్సిన కనీస హాజరు లేనివాళ్ల పేర్లు ఎర్ర రంగులో ఉంటాయి. క్లాస్ టీచర్ ఆ పేర్లు చదివి వినిపిస్తారు, ఇళ్లకు కబురు వెళ్తుంది. కానీ ఆ ఎర్ర గుర్తు చూసిన పిల్లవాడికి అసలు తెలియాల్సింది తెలియదు. తాను ఇప్పటికైనా గట్టెక్కగలడా లేదా?

ఒక లెక్క చూద్దాం. ఏడాదికి 200 పనిదినాలు, కనీస హాజరు 75 శాతం అనుకుందాం. అంటే 150 రోజులు రావాలి, 50 రోజుల వరకు మానొచ్చు. 80 రోజులు గడిచేసరికి ఒక అమ్మాయి 56 రోజులు వచ్చింది. 70 శాతం కాబట్టి ఎర్ర గుర్తు పడింది. నిజానికి ఆమె మానింది 24 రోజులే. ఇంకా 120 రోజుల బడి ఉంది, అందులో 26 రోజులు మానినా పరీక్ష రాయగలదు. ఇక 160 రోజులు గడిచాక ఒక అబ్బాయి 112 రోజులు వచ్చాడు. అతనిదీ సరిగ్గా 70 శాతమే. కానీ అప్పటికే 48 రోజులు మానేశాడు. మిగిలిన 40 రోజుల్లో రెండు రోజులకు మించి మానకూడదు. ఒక్క జ్వరం వస్తే చాలు, పరీక్ష పోయినట్టే.

అదే రోజున అతని పక్కనున్న కుర్రాడు 108 రోజులు వచ్చాడు, 67.5 శాతం. ఇకపై ఒక్క రోజు కూడా మానకపోయినా అతనికి దక్కేది 148 రోజులు, అంటే 74 శాతం. అతన్ని రోజూ రమ్మని గట్టిగా చెప్పినంత మాత్రాన లాభం లేదు. నిబంధనల్లో మినహాయింపు ఉంటే దానికి కావాల్సిన వైద్య పత్రాలు ఇప్పుడే తెప్పించాలి. ఈ ముగ్గురికీ చేయాల్సిన సాయం వేరు. పట్టికలో మాత్రం ముగ్గురికీ ఒకే ఎర్ర రంగు.

శాతం పనికిరాదని నేను అనడం లేదు. ఇప్పటిదాకా ఏ తీరున నడిచిందో అది చెబుతుంది. ముందు ఎంత వెసులుబాటు ఉందో చెప్పదు. అందుకే దాని పక్కన ఇంకో గడి కావాలి. రిజిస్టర్‌ను స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి, వచ్చిన రోజుకు P, రాని రోజుకు A వేస్తుంటే ఇంత చిన్న సూత్రం చాలు:

```
=50-COUNTIF(C2:GT2,"A")
```

ఇందులో 50 అంటే మానగలిగే రోజులు, C నుంచి GT వరకు 200 గడులు. వచ్చే సంఖ్య పదికి దిగితే పసుపు, సున్నా కంటే తగ్గితే ఎరుపు. పసుపులోనే ఇంటికి ఫోన్ వెళ్లాలి, ఎందుకంటే అప్పుడే ఆ ఫోన్‌తో ఏదైనా మారే అవకాశం ఉంది. శాతం 75 దాటి ఉన్నా ఈ గడిలో పసుపు పడే పిల్లలుంటారు. 170 రోజుల్లో 129 రోజులు వచ్చినవాళ్లది దాదాపు 76 శాతం. ఎర్ర గుర్తు ఉండదు, ఎవరూ పట్టించుకోరు. వాళ్లకు మిగిలింది 9 రోజులు.

అయితే ఈ గడి కూడా రిజిస్టర్ ఎంత సరిగా ఉంటే అంతే సరిగా ఉంటుంది. హాజరు వేయడం మరచిపోయిన గడి ఖాళీగా ఉంటే సూత్రం దాన్ని మానిన రోజుగా లెక్కించదు. రాని పిల్లవాడికి అలాంటి ఖాళీలు నాలుగుంటే, లేని నాలుగు రోజులు చేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకని ముందు ఖాళీ గడులు లెక్కపెట్టాలి. మధ్యలో చేరిన పిల్లలకు 50 అన్న అంకె కూడా వర్తించదు. 40 రోజులు గడిచాక చేరినవాళ్లకు, చేరిన రోజు నుంచి లెక్కించే నిబంధన ఉంటే, 160 రోజుల్లో నాలుగో వంతు, అంటే 40 మాత్రమే.

చివర్లో పెద్ద గొడవ తెచ్చేది దశాంశం. 200కి 149 రోజులు వస్తే 74.5 శాతం. గడిలో దశాంశాలు కనపడకుండా పెడితే అది 75 శాతంగా కనిపిస్తుంది, సూత్రం మాత్రం లోపలి అంకెనే చూసి ఎర్ర గుర్తు వేస్తుంది. 75 ఉంది కదా, మా పిల్లను ఎందుకు ఆపారని తల్లిదండ్రులు అడిగితే ఆ కాగితం పట్టుకుని సమాధానం చెప్పడం చాలా కష్టం. ఒక దశాంశం వరకు చూపించాలి, సవరించి 75 చేస్తారా లేదా అన్నది ఏడాది మొదట్లోనే రాసిపెట్టాలి.

తరగతి సగటు గురించి ఒక్క మాట. 40 మంది తరగతిలో 36 మందికి 93 శాతం, నలుగురికి 65 శాతం ఉంటే సగటు 90 దాటుతుంది. పక్క తరగతిలో అందరికీ 82 ఉంటే సగటు 82 వస్తుంది, ఒక్కరికీ ఇబ్బంది లేదు. సగటునే చూసే ప్రధానోపాధ్యాయుడు ఏ తరగతి టీచర్‌ను పిలిచి అడుగుతారు? పట్టికలో ప్రతి తరగతి ఎదురుగా ముందు పసుపు ఎందరు, ఎరుపు ఎందరు అన్నది రాసి, సగటును ఆ తర్వాతి గడిలో పెట్టాలి.