గ్రహం పేలిపోలేదు, గురుడు దాన్ని పుట్టనివ్వలేదు

“అంగారకుడికీ గురుడికీ మధ్య ఒకప్పుడు భూమి అంత గ్రహం ఉండేది. గురుడి ఆకర్షణ దాన్ని చీల్చి పేల్చేసింది. ఇప్పుడు అక్కడ తిరుగుతున్న లక్షలాది రాళ్లన్నీ ఆ గ్రహం ముక్కలే. ఇది శాస్త్రవేత్తలు ఒప్పుకున్న నిజం. అందరికీ పంపండి.”

ఫోన్లలో తిరిగే ఈ సందేశం నిజం కాదు. అంగారకుడికీ గురుడికీ మధ్య రాళ్లు తిరిగే ఆ చోటును గ్రహశకలాల పట్టీ అంటారు. ముందు తూకం చూద్దాం. ఆ పట్టీలోని శకలాలన్నిటినీ కలిపినా మన చంద్రుడి ద్రవ్యరాశిలో సుమారు 3 శాతమే అవుతుంది. అందులో మూడో వంతుకు పైగా సెరెస్ అనే ఒక్క శకలానిదే. దాని అడ్డుకొలత 940 కిలోమీటర్లు. మిగతా లక్షల రాళ్లు కలిసి మిగిలిన వాటాను పంచుకుంటాయి. భూమి అంత గ్రహాన్ని కూర్చాలంటే ఇలాంటి పట్టీలు దాదాపు 2,500 కావాలి. లక్షలు అన్న మాట వినగానే కళ్ల ముందు రాళ్ల గుంపు కదులుతుంది గానీ, అక్కడ ఖాళీయే ఎక్కువ. ఇప్పటివరకు ఆ పట్టీని దాటిన వ్యోమనౌకల్లో ఏ ఒక్కటీ రాయికి తగిలి దెబ్బతినలేదు.

మిగతా ద్రవ్యం పేలుడులో ఎగిరిపోయిందని కొందరు సర్దిచెబుతారు. అలా ఎగరగొట్టడానికి కావలసిన శక్తి ఎంతో లెక్క వేయవచ్చు. గ్రహాన్ని కట్టిపడేసి ఉంచేది దాని సొంత ఆకర్షణే కాబట్టి, ప్రతి ముక్కనూ ఆ పట్టు నుంచి విడిపించాలి. భూమి సంగతి వదిలేసి అంగారకుడంత గ్రహాన్నే తీసుకున్నా, సూర్యుడు మూడున్నర గంటల పాటు అన్ని దిక్కులకూ వెదజల్లే శక్తి మొత్తం కావాలి. రాతి గ్రహం కడుపులో అంత శక్తిని ఒక్కసారిగా విడుదల చేయగలిగేదేదీ లేదు. పోనీ, మరో గ్రహం వచ్చి ఢీకొట్టిందనుకుందామా? దానికి ఉదాహరణ మన ఇంటి దగ్గరే ఉంది. అంగారకుడంత పిండమొకటి తొలి భూమిని గుద్దిందనీ, ఆ శిథిలాల నుంచే చంద్రుడు ఏర్పడిందనీ ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. అంత దెబ్బ తిన్నా భూమి చెల్లాచెదురు కాలేదు. కరిగి, మళ్లీ ముద్దకట్టింది.

ఇక గురుడు చీల్చాడన్న మాట. దగ్గరికి వచ్చిన వాటిని గురుడు చీలుస్తాడన్నది నిజమే. షూమేకర్-లెవీ 9 అనే తోకచుక్క 1992లో గురుడిని ఆనుకుని అన్నంత దగ్గరగా వెళ్లి ముక్కలైంది. ఆ ముక్కలు 1994 జూలైలో ఒకదాని వెనుక ఒకటి గురుడి మీద పడ్డాయి. అయితే చీల్చే బలం దూరం పెరిగేకొద్దీ చాలా త్వరగా తగ్గిపోతుంది. గురుడి వ్యాసార్థానికి రెండు మూడు రెట్ల దూరం దాటితే ఆ ప్రమాదం దాదాపు లేనట్టే. గ్రహశకలాల పట్టీ నడుమ భాగం గురుడికి ఎంత దగ్గరగా వచ్చినా 30 కోట్ల కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అంత దూరం నుంచి గ్రహాన్ని చీల్చడం ఎవరివల్లా కాదు.

ఈ ఊహ మొదట ఎక్కడిదో చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1801 జనవరి 1న ఇటలీలోని పలెర్మోలో జుసెప్పే పియాజ్జి సెరెస్‌ను కనుగొన్నాడు. మరుసటి ఏడాది హైన్రిఖ్ ఓల్బర్స్‌కు దాదాపు అదే దూరంలో పల్లాస్ కనిపించింది. ఒకే చోట రెండు చిన్న పిండాలు ఉండడం చూసి, ఇవి పగిలిన గ్రహం ముక్కలై ఉంటాయని ఓల్బర్స్ అనుకున్నాడు. అప్పటికి అది మంచి ప్రశ్నే. పేలుడు జరిగి ఉంటే ముక్కల దారులన్నీ అది జరిగిన చోటును దాటాలని అతడు పరీక్ష కూడా పెట్టాడు. తర్వాత దొరికిన వందలాది శకలాల దారులు అలా ఒకచోట కలవలేదు. ఊహ తన పరీక్షలోనే ఓడిపోయింది. ఆ సంగతి ఈ సందేశం పంపేవారికి ఎవరూ చెప్పినట్టు లేదు.

“ఒకే గ్రహం ముక్కలు” అన్నదానికి అసలైన జవాబు రాళ్లలోనే ఉంది. ఆ పట్టీ నుంచి భూమి మీద పడ్డ ఉల్కల్లో చాలావాటిని కోసి చూస్తే, మిల్లీమీటరంత గుండ్రని పూసలు రాతిలో పొదిగినట్టు కనిపిస్తాయి. సౌర కుటుంబం మొదలైన కొత్తలో అంతరిక్షంలోనే కరిగి చల్లారిన బిందువులవి. వాటిని పెద్ద గ్రహం లోపల పెడితే ఆ వేడికీ ఒత్తిడికీ ఆనవాలు లేకుండా పోతాయి. అవి ఇంకా ఉన్నాయంటే, ఆ రాయి ఎన్నడూ పెద్ద గ్రహంలో భాగం కాలేదు. ఇనుప ఉల్కలది మరో కథ. అవి కరిగిన పిండాల గర్భం నుంచే వచ్చాయి. కానీ వాటి రసాయనాన్ని పోల్చితే, పదుల సంఖ్యలో వేర్వేరు పిండాల గర్భాలు కావాలని తేలింది. ఒక గ్రహానికి ఒక గర్భమే ఉంటుంది కదా!

మన దేశంలో పడ్డ రాయి కూడా ఇందులో సాక్షి. 1996లో రాజస్థాన్‌లోని పిప్లియా కలాన్‌లో పడిన ఉల్క, వెస్టా అనే శకలానికి చెందిన రాతి రకం. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనశాల శాస్త్రవేత్తలు అందులో అల్యూమినియం-26 ఒకప్పుడు ఉండి క్షీణించిపోయిన గుర్తును పట్టుకుని 1999లో ప్రకటించారు. ఆ పదార్థం ఏడు లక్షల ఏళ్లకొకసారి సగమవుతుంది. అది ఇంకా మిగిలి ఉండగానే ఈ రాయి గట్టిపడిందంటే, దాని తల్లి పిండం సౌర కుటుంబం పుట్టిన తొలి కొద్ది పదుల లక్షల ఏళ్లలోనే కరిగి, గట్టిపడడం మొదలుపెట్టింది. వెస్టా లావాతో గట్టిపడితే, దానికి కొంచెం అవతల ఉన్న సెరెస్ తనలో మంచును దాచుకుని ఉంది. డాన్ వ్యోమనౌక ఈ రెండింటినీ చుట్టి చూసింది. ఒకటి కరిగి ఎండిన రాయి, మరొకటి మంచూ బంకమన్నూ కలిసిన ముద్ద. ఇవి ఒకే ఇంటి పిల్లలు కావు.

శకలాల్లో ముక్కలు లేవని కాదు. 1918లో కియోత్సుగు హిరయామా ఒకే రకం దారుల్లో తిరిగే శకలాల కుటుంబాలను గుర్తించాడు. ఒక్కో కుటుంబం ఒక్కో గుద్దులో చితికిన పిండానిది. ఇలాంటివి పదుల సంఖ్యలో ఉన్నాయి. చితికినవి చిన్న పిండాలు, వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చోట్ల.

అయితే గురుడికి ఇందులో పాత్ర లేదా? ఉంది, చాలా పెద్దదే. కాకపోతే సందేశంలో చెప్పినదానికి సరిగ్గా తలకిందులుగా. ఉన్న గ్రహాన్ని అతడు చీల్చలేదు, గ్రహం కూడదీసుకోవడాన్నే ఆపాడు.

గ్రహం ఎలా పెరుగుతుందో చూస్తే ఇది అర్థమవుతుంది. రెండు రాళ్లు ఎదురుపడినప్పుడు అతుక్కుంటాయా, చితుకుతాయా అన్నది వాటి వేగం మీద ఆధారపడి ఉంటుంది. 100 కిలోమీటర్ల అడ్డుకొలత ఉన్న శకలాన్ని తీసుకోండి. దాని ఆకర్షణ నుంచి తప్పించుకోవడానికి సెకనుకు 60 మీటర్ల వేగం చాలు. దానికి అటూ ఇటూగా ఉండే వేగంతో మరో రాయి వచ్చి తగిలితే, ఎగిరిన తునకలు చాలావరకు మళ్లీ కిందికి పడతాయి, శకలం లావవుతుంది. ఇప్పుడు ఆ పట్టీలో శకలాలు ఢీకొనే సగటు వేగం సెకనుకు 5 కిలోమీటర్లు. అంటే 80 రెట్లకు పైన. శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి ఆ దెబ్బ ఆరు వేల రెట్లకు మించి ఉంటుంది. అక్కడ జరిగేది పెరగడం కాదు, అరగడం.

అంత వేగం ఎక్కడి నుంచి వచ్చింది? గురుడి నుంచే. భూమికి 318 రెట్ల ద్రవ్యరాశి ఉన్న గురుడు, సూర్యుడి చుట్టూ వాయువు ఇంకా మిగిలి ఉండగానే, అంటే తొలి కొద్ది పదుల లక్షల ఏళ్లలోనే తయారయ్యాడు. భూమి పూర్తిగా కూడడానికి కోట్ల ఏళ్లు పట్టింది. కాబట్టి అక్కడి రాళ్లు ఒకదాన్నొకటి చేరదీసుకునే దశలో ఉండగానే, పక్కన ఈ మహాకాయుడు తిరుగుతున్నాడు.

గురుడు వాటిని ఎలా కదిపాడో చూడడానికి ఒక చోటును దగ్గరగా పరిశీలిద్దాం. భూమికి సూర్యుడికి మధ్య దూరాన్ని ఒకటి అనుకుంటే, గురుడు 5.2 దగ్గర ఉండి 11.86 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతాడు. 2.5 దూరంలో ఉన్న రాయికి ఒక చుట్టుకు 3.95 ఏళ్లు. గురుడు ఒక చుట్టు పూర్తి చేసేసరికి ఆ రాయి సరిగ్గా మూడు చుట్లు తిరిగి ఉంటుంది. అందువల్ల గురుడు దాన్ని లాగే అమరిక 11.86 ఏళ్లకొకసారి అచ్చం అలాగే మళ్లీ వస్తుంది. వేరే దూరంలో ఉన్న రాయికి ఈ లాగుళ్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు పడి రద్దవుతాయి. ఇక్కడ రద్దు కావు, పోగవుతాయి. గుండ్రంగా ఉన్న దారి కోలగా సాగుతుంది. జాక్ విజ్డమ్ 1980లలో కంప్యూటర్‌తో లెక్కించి చూస్తే, ఇక్కడి రాయి చాలాకాలం మామూలుగా తిరిగి, ఉన్నట్టుండి దారి సాగి అంగారకుడి కక్ష్యను దాటిపోతుందని తేలింది. ఆ తర్వాత అది అంగారకుడికో భూమికో సూర్యుడికో చిక్కుతుంది, లేదా సౌర కుటుంబం బయటికే పోతుంది.

ఈ మాట నిజమో కాదో ఎలా తెలుస్తుంది? శకలాలన్నిటి సగటు దూరాలను గీసి చూడండి. సరిగ్గా 2.5 దగ్గర ఖాళీ కనిపిస్తుంది. 2.82 దగ్గర మరొకటి, 3.27 దగ్గర ఇంకొకటి. డేనియల్ కిర్క్‌వుడ్ వీటిని 19వ శతాబ్దంలోనే, వందకు లోపు శకలాలు తెలిసినప్పుడే గుర్తించాడు. అన్నీ గురుడి చుట్టుకాలంతో చిన్న పూర్ణాంకాల నిష్పత్తి కుదిరే చోట్లే. పేలుడు చిమ్మిన ముక్కలకు గురుడి గడియారం చూసి ఆ చోట్లు వదిలిపెట్టాల్సిన అవసరమేమీ లేదు.

ఆ సన్నని ఖాళీలతోనే పట్టీ మొత్తం ఎలా పలచబడింది అని అడిగితే, అది న్యాయమైన ప్రశ్న. దానికి జార్జ్ వెదరిల్ 1992లో ఒక దారి చూపాడు. మొదట్లో అక్కడ చంద్రుడి నుంచి అంగారకుడి పరిమాణం దాకా ఉన్న గ్రహ పిండాలు కొన్ని ఏర్పడి ఉంటాయి. అవి ఒకదాన్నొకటి పక్కకు నెట్టుకుంటూ ఉండగా, ఒక్కొక్కటీ ఎప్పుడో ఒకప్పుడు గురుడి నిష్పత్తి కుదిరే చోటులో పడతాయి. పడినదాన్ని గురుడు బయటికి తీసేస్తాడు. పోతూ పోతూ అది చిన్న రాళ్ల దారులను కూడా చెదరగొడుతుంది. అలా పెద్దవి వెళ్లిపోయాయి, మిగిలిన చిన్నవాటికి అతుక్కోలేని వేగం మిగిలింది.

పరిశోధకుల మధ్య వాదం ఇప్పటికీ నడుస్తోంది, కానీ అది పేలుడు గురించి కాదు. అక్కడ మొదట భూమి అంత సరుకు ఉండి దాదాపు అంతా పోయిందా, లేక మొదటి నుంచే కొద్దిగానే ఉందా అన్నది ఒక ప్రశ్న. గురుడు తన చోటునే ఉన్నాడా, లేక ఒకసారి సూర్యుడి వైపు 1.5 దూరం దాకా వచ్చి వెనక్కి మళ్లాడా అన్నది రెండోది. ఆ రెండో ఊహను 2011లో ప్రతిపాదించినవారు ఆధారంగా చూపినది పట్టీలోని రాళ్ల వరుసనే. లోపలి వైపు తేమ లేని రాతి శకలాలు, బయటి వైపు నీరూ కార్బనూ ఎక్కువున్న నల్లటి శకలాలు, మధ్యలో రెండూ కలగలిసి ఉండడం.