కిట్ పంపాం, మిగతాది మీరు చూసుకోండి

బ్రాంచి మేనేజర్లందరికీ నమస్కారం.

సీజన్ ముగింపు ప్రచారం మళ్ళీ వచ్చేసింది. జూలై 1 నుంచి 21 వరకు, ఎంపిక చేసిన సరుకు మీద 20 శాతం తగ్గింపు. ఎంపిక చేసింది మీరు కాదు, నేనూ కాదు. కంపెనీవాళ్ళు ఈ ప్రచారానికి ఒక పేరు కూడా పెట్టారు. పోస్టర్ మీద అది గుమ్మమంత అక్షరాల్లో ఉంది. ఎంత శ్రద్ధగా చదివినా ఏం అమ్ముతున్నామో మాత్రం నాకు తెలియలేదు. కస్టమర్లు అడిగితే నవ్వండి. ఎలా నవ్వాలో కిట్‌లోని సిబ్బంది కార్డు మీద బొమ్మతో సహా ఉంది.

కిట్ జూన్ 20కల్లా మీకు అందుతుంది. పెట్టె రాగానే సంతకం పెట్టేసి గోడౌన్‌లో పడేయడం మన ఆనవాయితీ. ఈసారి దయచేసి ఆ రోజే విప్పండి. లోపలి చీటీలో షెల్ఫ్ స్ట్రిప్‌లు 12 అని రాసి, పక్కన టిక్కు పెట్టి ఉంటుంది. టిక్కు పెట్టినవారు పెట్టెలోకి చూసే పెట్టారని అనుకోవద్దు. తక్కువ వస్తే 48 గంటల్లో ఫిర్యాదు చేయాలి. జూన్ 30 రాత్రి విప్పి, రెండు తక్కువొచ్చాయని నాకు ఫోన్ చేస్తే నేను చేయగలిగింది సానుభూతి చూపడమే. అది మాత్రం ఉచితం.

కిట్‌లో అద్దానికి అంటించే పెద్ద పోస్టర్, గుమ్మం దగ్గర నిలబెట్టే స్టాండీ, సీలింగ్ నుంచి వేలాడే డాంగ్లర్లు, షెల్ఫ్ స్ట్రిప్‌లు, ధర కార్డులు ఉంటాయి. ఇవన్నీ ఒక నమూనా షాపు కొలతలతో చేసినవి. ఆ షాపు కంపెనీ ఆఫీసులో ఒక కంప్యూటర్ తెర మీద ఉంది. దాని సీలింగ్ చక్కగా చేతికందుతుంది, స్తంభాలు లేవు, కస్టమర్లు అసలే లేరు. మీ సీలింగ్‌కు నిచ్చెన వేసినా చేయి అందకపోతే డాంగ్లర్లు పక్కన పెట్టేయండి. ధర కార్డులు మాత్రం ఒక్కటి కూడా వదలొద్దు. కొనేవాళ్ళు సీలింగ్ చూసి కొనరు, ధర చూసి కొంటారు. ఈ సంగతి కంపెనీవాళ్ళ ప్రచార మార్గదర్శిలో ఎక్కడైనా ఉంటుందేమోనని వెతికాను, లేదు.

అలంకరణ మొత్తం జూన్ 30 రాత్రి షాపు మూశాక చేయాలి. ఆ రాత్రి చేయాల్సిన అసలు పని మాత్రం ఇంకొకటి ఉంది. మార్గదర్శి దానికి ఒక్క వాక్యం కేటాయించింది: ‘కొత్త ధరలు వాటంతట అవే అమల్లోకి వస్తాయి.’ ‘వాటంతట అవే’ అని ఎక్కడ కనపడినా నాకు టెన్షన్ మొదలవుతుంది.

ధరల ఫైలు అర్ధరాత్రి కంపెనీ సర్వర్ నుంచి బయల్దేరుతుంది. నెట్ ఉన్న కౌంటర్లకు చేరుతుంది. రాత్రి ఆపేసిన కౌంటర్‌కు చేరదు. బిల్లింగ్ స్క్రీన్ తెరిచే ఉంచేసి వెళ్ళిపోయిన కౌంటర్‌కు చేరినా, అది మళ్ళీ లాగిన్ అయ్యేదాకా పాత ధరే పట్టుకుని కూర్చుంటుంది. పైగా ఒకే వస్తువులో ప్రతి సైజుకూ, ప్రతి రంగుకూ బార్‌కోడ్ వేరు. ఫైలు తయారుచేసినవారు చిన్న సైజు, మధ్య సైజు చేర్చి పెద్ద సైజు మర్చిపోతే, షెల్ఫ్ మీద మూడింటికీ ఒకటే కార్డు ఉంటుంది, కౌంటర్‌లో రెండింటికే తగ్గింపు పడుతుంది.

పోయినసారి ఒక బ్రాంచిలో అచ్చంగా ఇదే జరిగింది. మొదటి రోజు ఉదయం, రెండో కౌంటర్. కార్డు మీద 20 శాతం తగ్గింపు అని ఉంది, బిల్లులో పూర్తి ధర పడింది. కస్టమర్ వెళ్ళి ఆ కార్డు పీకి తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. వెనక క్యూ పెరుగుతోంది. మన మేనేజర్ మంచి మనిషి. పరుగున వచ్చి, పాస్‌వర్డ్ కొట్టి, చేత్తో 20 శాతం తగ్గించారు. తర్వాతి కస్టమర్‌కూ అంతే. సాయంత్రందాకా కౌంటర్ దగ్గరే నిలబడి అందరికీ న్యాయం చేశారు. కస్టమర్లు సంతోషంగా వెళ్ళారు, సరుకు బాగా పోయింది.

నాలుగో రోజు ఆయనకు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఒకటి కాదు, రెండు. మొదటిది ప్రచార విభాగం నుంచి. చేత్తో ఇచ్చిన తగ్గింపు ప్రచారం కోడ్ కింద పడదు, ‘ఇతర కారణాలు’ కింద పడుతుంది. కాబట్టి వాళ్ళ లెక్కలో ఆ కౌంటర్‌లో ప్రచారం అమ్మకం సున్నా. ‘మీ సిబ్బందిలో ఉత్సాహం లోపించిందా?’ అని అడిగారు. రెండోది ఆడిట్ నుంచి. ‘మేనేజర్ పాస్‌వర్డుతో ఇచ్చిన తగ్గింపులు అసాధారణంగా ఎక్కువ ఉన్నాయి, సంజాయిషీ ఇవ్వగలరు.’ అంటే ఆయన ఒకే రోజు ఏమీ అమ్మలేదు, అందరికీ పంచిపెట్టేశారు కూడా. ఈ రెండు విభాగాలూ ఒకే అంతస్తులో ఉంటాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్న దాఖలాలు లేవు.

అందుకని ఈసారి నా మాట వినండి. జూలై 1 ఉదయం షట్టర్ ఎత్తకముందే అన్ని కౌంటర్లూ ఆన్ చేసి కొత్తగా లాగిన్ అవ్వండి. జాబితాలోని ప్రతి వస్తువూ, ప్రతి సైజూ ఒక్కొక్కటి బుట్టలో వేసుకుని ప్రతి కౌంటర్‌లోనూ స్కాన్ చేయండి. తెర మీది ధర, కార్డు మీది ధర పోల్చి చూసి బిల్లు రద్దు చేయండి. గంట పడుతుంది. తేడా వచ్చినదాని కార్డు వెంటనే తీసేయండి, కంపెనీకి రాతపూర్వకంగా పంపండి, ఫైలు సరిచేసి వచ్చాకే కార్డు మళ్ళీ పెట్టండి. మొహమాటపడి చేత్తో తగ్గించక తప్పకపోతే, ఆ బిల్లు నంబరు, కారణం ఒక పుస్తకంలో రాసుకోండి. ఆడిట్‌వారు మనుషుల మాట నమ్మరు గానీ పుస్తకాన్ని నమ్ముతారు.

అదే రోజు ఉదయం 9.30 లోపు ఫోటోలు పంపాలి. గుమ్మం నుంచి ఒకటి, ముందు షెల్ఫ్ ఒకటి, కౌంటర్ ఒకటి. ఫోటోలో కస్టమర్లు ఉండకూడదని స్పష్టంగా చెప్పారు. వ్యక్తిగత గోప్యత కారణం అట. కాబట్టి ప్రచారం ఎంత విజయవంతమో తేల్చే ప్రధాన ఆధారం మనుషులు లేని షాపు బొమ్మ. దీనికి 10 మార్కులుంటే, అందులో 4 స్టాండీ సరైన కోణంలో ఉన్నందుకు. తప్పకుండా తీయండి. తీశాక ఆ స్టాండీని దారికడ్డం లేకుండా పక్కకు జరపండి. గుమ్మం మధ్యలో అట్టబొమ్మ నిలబడితే పిల్లల బండ్లు, చక్రాల కుర్చీలు లోపలికి రాలేవు.

ఇక లెక్క. ఇది మార్గదర్శిలో లేదు, నేనే వేశాను. మనకు 60 పడిన వస్తువును 100కి అమ్ముతున్నామనుకోండి. కంపెనీకి రాయల్టీ 6 శాతం, ప్రకటనల నిధి 2 శాతం పోగా మనకు 32 మిగులుతుంది. అద్దె, జీతాలు, కరెంటు అన్నీ అందులోంచే. తగ్గింపులో అది 80కి పోతుంది. కొన్న ధర మాత్రం 60 దగ్గరే ఉంటుంది, ప్రచార ఉత్సాహం సరుకు పంపేవారి బిల్లుదాకా వెళ్ళదు. 8 శాతం కింద 6.40 పోతే మిగిలేది 13.60.

మామూలుగా 100 అమ్మే చోట మీరు కష్టపడి 200 అమ్మారనుకుందాం. అమ్మకం 10,000 నుంచి 16,000కి చేరింది. అరవై శాతం పెరుగుదల! గ్రూపులో చప్పట్ల బొమ్మలు వరుసకడతాయి. కంపెనీ వాటా 800 నుంచి 1,280 అయింది. మన చేతికి మాత్రం 3,200 బదులు 2,720 వచ్చింది. రెట్టింపు పని చేసి 480 పోగొట్టుకున్నాం. పాత లాభం దక్కాలంటే 236 అమ్మాలి. రాయల్టీ అమ్మకం మీద తీసుకునేవారు తగ్గింపు ప్రకటిస్తే అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే ఉంటుంది. కానీ ఒప్పందం మీద సంతకం పెట్టింది నేనే కాబట్టి, ఈ మాట అధికారికంగా అనలేదు.

సీజన్ అయిపోయాక మూలన పడుండే సరుకు సంగతి వేరు. దానికి 20 శాతం కాదు, ఇంకా ఎక్కువ తగ్గించినా మంచిదే. లాభం రాకపోయినా పెట్టిన డబ్బు బయటికొస్తుంది, షెల్ఫ్ ఖాళీ అవుతుంది. తగ్గింపు అనేది పుట్టిందే అందుకు. చిక్కేమిటంటే, జాబితాలో మొదటి మూడు వస్తువులూ ఏ పోస్టరూ లేకుండా రోజూ పోయేవే. అవి పోస్టర్ మీద బాగుంటాయని పెట్టారు. అందుచేత ఫోటో పంపాక ముందు షెల్ఫ్ సర్దుబాటు మార్చండి. రోజూ పోయేవి వాటి పాత చోటికి వెళ్ళాలి, నిలిచిపోయిన సరుకు గుమ్మానికి ఎదురుగా రావాలి. ఏ సరుకు కార్డు ఆ సరుకుతోనే ఉంటుంది, ఎవరినీ మోసం చేయడం లేదు. ఎవరైనా తనిఖీకి వస్తే కస్టమర్లు సరుకు కదిపేశారని చెప్పండి.

టార్గెట్ గురించి ఒక్క ముక్క. జూలైలో కొనుక్కున్నవారు ఆగస్టులో మళ్ళీ అదే కొనరు. తగ్గింపు వస్తోందని తెలిసినవారు జూన్ చివర్లోనే కొనడం ఆపేస్తారు. అందుకే 21 రోజుల అమ్మకం ఒక్కటే చూస్తే కొండలా కనపడుతుంది. దానికి ముందు మూడు వారాలు, తర్వాత మూడు వారాలు కలిపి చూస్తే ఎంత గుట్టో తెలుస్తుంది. ఆ లెక్క నాకు విడిగా పంపండి. కంపెనీకి వద్దు. అది వాళ్ళ షీటులో పట్టదు, ఆ షీటు జూలై 21 దగ్గర ఆగిపోతుంది. ఆగస్టు అమ్మకాలు ఎందుకు పడిపోయాయో వివరించమని వేరే షీటు వస్తుంది.

జూలై 21 రాత్రి ప్రచార సామగ్రి అంతా తీసేయాలి. ముఖ్యంగా ధర కార్డులు. 22 ఉదయం ఒక్క కార్డు మిగిలినా ఆ ధరకే ఇవ్వమని కస్టమర్ అడుగుతారు, అడగడం న్యాయమే. అద్దం మీది పోస్టర్ జిగురు ఊడకపోతే పగలగొట్టొద్దు. కిట్‌లో దాన్ని అంటించే విధానం తొమ్మిది దశల్లో ఉంది, తీసే విధానం లేదు.

జూలై 24లోపు నివేదిక పంపాలి. ఫారంలో చివరి ప్రశ్న: ‘మీ బ్రాంచిలో ప్రచారం ఎలా జరిగింది?’ జవాబుకు రెండు గళ్ళున్నాయి: ‘విజయవంతం’, ‘చాలా విజయవంతం’. ఏదో ఒకటి టిక్కు పెట్టనిదే ఫారం ముందుకు వెళ్ళదు. అన్ని బ్రాంచిలూ రెండోదే పెడితే వచ్చే టార్గెట్ దాని మీద లెక్కగడతారు కాబట్టి, అందరూ మొదటిదే పెట్టగలరని మనవి.

ఇట్లు,
మీ ఫ్రాంచైజీ యజమాని