మందుల స్ట్రిప్ ఫొటోలో రంగు కంటే బ్యాచ్ నంబరే గట్టి సాక్ష్యం

రోజూ వాడే బీపీ మాత్రల స్ట్రిప్ ఈసారి కాస్త వెలిసిపోయినట్టు కనిపిస్తే, చాలా ఇళ్లలో వెంటనే జరిగేది దాన్ని ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో తెలిసినవారికి పంపడం. అవతలివారు తమ దగ్గరున్న స్ట్రిప్‌ను పక్కన పెట్టుకుని రంగు తేడాగా ఉందనో, లోగో చిన్నదిగా ఉందనో చెబుతారు. పోలిక ఎప్పుడూ రంగుతో, లోగోతో మొదలవుతుంది. ఫొటోలో అన్నిటికంటే తక్కువ నమ్మదగినవి కూడా అవే.

రంగును ఫోను తనకు తోచినట్టు సరిదిద్దుతుంది. ట్యూబ్‌లైటు కింద నీలంగా, బల్బు కింద పసుపుగా ఒకే స్ట్రిప్ రెండు రకాలుగా పడుతుంది. మెరిసే అల్యూమినియం రేకు మీద ఈ తేడా మరీ ఎక్కువ. ఫోను బాగా దగ్గరగా పెట్టి పక్కనుంచి తీస్తే, దగ్గరున్న అంచు పెద్దదిగా, దూరంగా ఉన్న అంచు చిన్నదిగా వచ్చి లోగో కొలతలు మారిపోతాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే దాని పరిమాణం తగ్గి చిన్న అక్షరాల అంచులు చెదిరిపోతాయి, ఆ చెదురును చూసి ముద్రణ నాసిరకమని అనుకునే ప్రమాదం ఉంది. అందుకే అనుమానం ఉన్న స్ట్రిప్‌నూ అసలు స్ట్రిప్‌నూ పక్కపక్కనే ఉంచి, కిటికీ వెలుతురులో నేరుగా పైనుంచి ఒకే ఫొటోగా తీసి, దాన్ని డాక్యుమెంట్ రూపంలో పంపాలి. రెండూ ఒకే ఫొటోలో ఉంటే వెలుతురు వల్ల వచ్చే మార్పు రెండింటికీ సమానమవుతుంది, మిగిలిన తేడా మాత్రం స్ట్రిప్‌లదే.

పోల్చడానికి ఎంచుకునే అసలు స్ట్రిప్ ఏదన్నది ఇంకా ముఖ్యం. మన దేశంలో ఒకే బ్రాండు మాత్రలను రెండు మూడు వేర్వేరు కర్మాగారాల్లో, కొన్నిసార్లు కాంట్రాక్టు మీద మరో సంస్థ చేతా తయారు చేయిస్తారు. లేబుల్ డిజైన్‌ను కంపెనీ అప్పుడప్పుడు మారుస్తుంది. కాబట్టి అదే మోతాదు, అదే తయారీ చిరునామా, దగ్గరి తయారీ తేదీ ఉన్న స్ట్రిప్‌తోనే పోలిక చేయాలి. రెండేళ్ల కిందటి ఖాళీ స్ట్రిప్‌ను బయటికి తీసి ఇప్పటిదానితో పోల్చి నకిలీ అనడం న్యాయం కాదు.

ముద్రణ నాణ్యతలో చూడదగిన తేడా ఒకటుంది. అట్టపెట్టె మీద బ్రాండు రంగును చాలా కంపెనీలు ముందే కలిపిన ఒకే సిరాతో ముద్రిస్తాయి. నకిలీ చేసేవారు అసలు పెట్టెను స్కాన్ చేసి మామూలు నాలుగు రంగుల పద్ధతిలో అచ్చు వేస్తే, ఆ రంగు చిన్న చిన్న చుక్కల కలయికగా మారుతుంది. ఫోనులోని మాక్రో లెన్సుతో చూస్తే అసలు పెట్టెలో నిండుగా ఉన్న అక్షరం, నకిలీలో చుక్కలుగా విడిపోయి, అంచున వేరే రంగు గీతతో కనిపిస్తుంది. అయితే స్ట్రిప్ రేకు మీద ఈ పరీక్ష చేసేటప్పుడు జాగ్రత్త అవసరం. చెక్కిన సిలిండరుతో అచ్చు వేసే గ్రావ్యూర్ పద్ధతిలో ముద్రించిన అసలు రేకు మీద కూడా అక్షరాల అంచులు రంపపు పళ్లలా ఉంటాయి, అది లోపం కాదు.

ఇక బ్యాచ్ నంబరు. రేకు మీద బ్రాండు పేరు, కూర్పు, హెచ్చరికలు చాలావరకు ముందే ముద్రించి ఉంటాయి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ మాత్రం మాత్రలు ప్యాక్ చేసే చోట విడిగా పడతాయి. అందువల్ల ఒకే పెట్టెలోని రెండు అసలు స్ట్రిప్‌లలో కూడా ఈ అంకెలు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరిగి ఉండవచ్చు, వాటి సిరా కూడా వేరుగా కనిపిస్తుంది. బ్యాచ్ అంకెలు మిగిలిన అచ్చుతోపాటే, అదే సిరాతో, ప్రతి స్ట్రిప్ మీదా వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటే, వాటిని లేబుల్‌తోపాటే ఒకే విడతలో అచ్చు వేసి ఉండవచ్చని అనుమానించాలి. చక్కగా కుదిరిందని మెచ్చుకోవలసిన చోటు కాదది.

ఆ అంకెలు ఎలా పడ్డాయన్నది సగం సంగతే, అవి ఎవరివన్నది మిగతా సగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో మధుమేహానికి వాడే ఓజెంపిక్ ఇంజెక్షన్ల నకిలీల మీద ఇచ్చిన హెచ్చరికలో ఈ విషయం స్పష్టంగా తెలుస్తుంది. 2023 అక్టోబరులో బ్రెజిల్, బ్రిటన్‌లలో, డిసెంబరులో అమెరికాలో బయటపడిన మూడు బ్యాచ్‌లను ఆ సంస్థ పేర్కొంది. LP6F832 అనే నంబరు అసలు తయారీదారు రికార్డుల్లోనే లేదు. NAR0074 విషయంలో ఆ బ్యాచ్ నంబరూ, పక్కనున్న 430834149057 అనే సీరియల్ నంబరూ కలిపి చూస్తే కంపెనీ రికార్డుతో సరిపోలేదు. మూడోదైన MP5E511 కంపెనీ నిజంగా వాడిన బ్యాచ్ నంబరే, లోపల ఉన్నది మాత్రం నకిలీ. మొదటిదాన్ని కంపెనీకి ఒక్క ఫోను చేసి తేల్చవచ్చు. రెండోదానికి సీరియల్ నంబరు కూడా అడగాలి. మూడోది బ్యాచ్ నంబరు ఒక్కటే సరిచూసేవారి కన్నుగప్పుతుంది. అలాంటివాటి కోసం ఆ హెచ్చరిక ఇంజెక్షన్ పెన్ను మీద లేబుల్ సరిగా అతుక్కోకపోవడం, పెట్టె మీద అక్షరదోషం, మోతాదు తిప్పినప్పుడు అంకెల స్కేలు పెన్నులోంచి బయటికి రావడం వంటి గుర్తులు చెప్పింది. వీటిలో చివరిది ఏ ఫొటోలోనూ దొరకదు, పెన్ను చేతిలో ఉండాలి.

మన దగ్గర కూడా ఇదే తీరు కనిపించింది. నాణ్యత పరీక్షలో నిలవని మందులపై కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ ఇచ్చిన 2024 ఆగస్టు జాబితాలో టెల్మా-హెచ్, పాంటోసిడ్ వంటి పేరున్న బ్రాండ్ల పేర్లు వచ్చాయి. ఆ బ్యాచ్‌లు తాము తయారు చేయలేదనీ అవి నకిలీవనీ లేబుల్ మీదున్న కంపెనీలు తెలిపాయి. బ్యాచ్ నంబరును కంపెనీతో సరిచూడకుండా ఈ మాట బయటికి వచ్చేది కాదు.

2023 ఆగస్టు 1 నుంచి 300 ప్రముఖ బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయ్యింది. దాన్ని స్కాన్ చేస్తే వచ్చే తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్, తేదీలు స్ట్రిప్ మీది అచ్చుతో అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి. సరిపోకపోతే అనుమానం బలపడుతుంది. సరిపోయినంత మాత్రాన అసలుదని నిర్ధారణ కాదు, ఎందుకంటే కోడ్‌ను కూడా ఫొటో తీసి అచ్చు వేయవచ్చు. ఫొటో పోలికకున్న హద్దు కూడా ఇదే. తేడా దొరికితే అది ఆధారం, దొరక్కపోతే ఏమీ తేలలేదని మాత్రమే అర్థం. లోపల ఉన్న మందు ఏమిటో ప్రయోగశాల ఒక్కటే చెప్పగలదు.

ఒక చిన్న అలవాటు ఈ సరిచూసుకోవడాన్ని మొదట్లోనే దెబ్బతీస్తోంది. నాలుగు మాత్రలు చాలంటే దుకాణదారు స్ట్రిప్ కత్తిరించి ఇస్తాడు, బ్యాచ్ అంకెలున్న కొస అతని దగ్గరే ఉండిపోతుంది. ఆ కొసవైపు ముక్కే ఇవ్వమని అడగాలి, లేదా పూర్తి స్ట్రిప్ తీసుకోవాలి. బిల్లు మీద కూడా బ్యాచ్ నంబరు ఉంటుంది, స్ట్రిప్ మీది నంబరుతో అది కలవకపోతే అదే మొదటి ప్రశ్న కావాలి. అనుమానం నిలిచినప్పుడు మిగిలిన మాత్రలు వేసుకోకుండా, పారేయకుండా, స్ట్రిప్‌నూ పెట్టెనూ బిల్లునూ కలిపి ఉంచి, వాడకం ఆపకూడని మందైతే డాక్టరును అడిగి వేరే దుకాణంలో తెచ్చుకోవాలి. తెలంగాణలో ఔషధ నియంత్రణ విభాగం టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969కు ఫోను చేసి, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, లైసెన్సు నంబరు, దుకాణం పేరు చదివి వినిపించవచ్చు. అదే దుకాణంలో ఆ బ్యాచ్ ఇంకా మిగిలి ఉంటే ఇన్‌స్పెక్టర్ చట్ట ప్రకారం నమూనా తీసి పరీక్షకు పంపగలరు.