ఎన్‌డీఏ రెండు ముక్కల్లో తెగేది కాదు

"ఎన్‌డీఏ అనే గోప్యత ఒప్పందంలో గోప్య సమాచారం నిర్వచనం, మినహాయింపులు ఎక్కడైనా ఒక్కటే. ఫౌండర్‌కు తెలుగులో రెండు ముక్కలు చెబితే చాలు. మీరు చెప్పినదంతా రహస్యం. అందరికీ తెలిసినది, ముందే తెలిసినది, వాళ్లు సొంతంగా తయారు చేసుకున్నది, కోర్టు అడిగినది మాత్రం రహస్యం కాదు. మిగతాదంతా లాయర్ల పదాల గారడీ."

ఫౌండర్ల మధ్య ప్రచారంలో ఉన్న ఈ మాటలను నమ్మి సంతకం చేసిన ఒక ఫౌండర్ తన ఎన్‌డీఏను నా దగ్గరికి తెచ్చారు, సంతకం అయిన రెండు నెలల తర్వాత. నేను చేసేది ఇలాంటి పత్రాల అనువాదమే. ఆమె సంస్థ మోటార్ల శబ్దాన్ని విని, అవి పాడయ్యే సూచనలను ముందే పట్టుకునే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. ఒక యంత్రాల కంపెనీతో జూన్ 4న సమావేశమయ్యారు. 11 పేజీల ప్రెజెంటేషన్ ఇచ్చారు, ప్రతి పేజీ అడుగున 'గోప్యం' అని ఉంది. ఆ తర్వాత బోర్డు దగ్గర నిలబడి రెండు గంటల సేపు అసలు కిటుకు వివరించారు: మోటారు నడుస్తున్నప్పుడు కాదు, ఆన్ చేసిన మొదటి కొద్ది సెకన్లలోనే ఎందుకు రికార్డు చేయాలో, ఆ ముక్కలో దేన్ని వినాలో. పేజీల్లో లేనిది అదే.

ఆమె పత్రంలోని నిర్వచనాన్ని తెలుగులో విడదీసి రాస్తే ఇలా ఉంటుంది. 'గోప్య సమాచారం అంటే, వెల్లడించే పక్షం రాతపూర్వకంగా ఇచ్చి, దాని మీద గోప్యమని గుర్తు వేసిన సమాచారం. నోటిమాటగా చెప్పినదైతే రెండు షరతులూ నెరవేరాలి: చెప్పేటప్పుడే అది గోప్యమని తెలియజేయాలి, చెప్పిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా ధ్రువీకరించాలి.' ఆమె బోర్డు దగ్గర ఆ మాట అన్నారట. కానీ ధ్రువీకరిస్తూ మెయిల్ పంపలేదు. జూలై 4తో గడువు తీరిపోయింది. ఆ పత్రం మాట ప్రకారం 11 పేజీలకు రక్షణ ఉంది, రెండు గంటల వివరణకు లేదు. నాలుగు వాక్యాల మెయిల్ ఒక్కటి పంపి ఉంటే సరిపోయేది. పంపాలని ఆమెకు ఎవరూ తెలుగులో చెప్పలేదు. 'మీరు చెప్పినదంతా రహస్యం' అన్నవాళ్లు వదిలేసింది సరిగ్గా ఈ షరతునే.

నిర్వచనాలు ఎక్కడైనా ఒక్కటే అన్న మాటా ఇక్కడే వీగిపోతుంది. ఇంకో రకం పత్రంలో 'గోప్యమని గుర్తు వేసినది, లేదా దాని స్వభావాన్ని, వెల్లడించిన సందర్భాన్ని బట్టి వివేకం గల ఎవరికైనా గోప్యమని అర్థం కావలసినది' అని ఉంటుంది. ఆ 'లేదా' ఉన్న పత్రం మీద ఆమె సంతకం చేసి ఉంటే, మెయిల్ పంపకపోయినా నిలబడి వాదించడానికి చోటుండేది.

ఈ షరతులు తెలుగులో జారిపోవడానికి ఒక కారణం వాక్య నిర్మాణం. ఇంగ్లీషు 'సమాచారం' అని ముందు చెప్పి, షరతులను వెనక తగిలిస్తుంది. మనం షరతులన్నీ చెప్పి చివరకు 'సమాచారం' దగ్గరికి వస్తాం. అరవై మాటల నిర్వచనాన్ని అలా ఒకే వాక్యంగా తిప్పితే 'ఇచ్చిన, తెలిపిన, గుర్తు వేసిన, ధ్రువీకరించిన' అంటూ గొలుసు సాగుతుంది. అవి అన్నీ కలిసి ఉండాలా, ఏదో ఒకటి చాలా అన్నది చదివేవారికి తెలియదు. విసిగిపోయిన అనువాదకులు గొలుసు తెంపి 'సమాచారం' ఒక్కటే మిగులుస్తారు. నేను వాక్యాన్ని విరగ్గొట్టి, 'రెండు షరతులూ నెరవేరాలి' అనో 'రెండింటిలో ఏది ఉన్నా చాలు' అనో ప్రత్యేకంగా రాస్తాను. మూలంలో 'అండ్', 'ఆర్' అనే చిన్న మాటలు మోసే బరువును తెలుగులో ఒక పూర్తి వాక్యానికి ఎత్తక తప్పదు.

ఇంకొక చిక్కు ఉంది, బయటికి కనిపించదు. ఇంగ్లీషు పత్రంలో నిర్వచించిన పదానికి పెద్ద అక్షరం పెడతారు. అది కనిపించిన ప్రతిచోటా నిర్వచనంలోని షరతులన్నీ వర్తిస్తాయి. తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు లేవు. అనువాదంలో ఒకచోట 'రహస్యం', ఇంకొకచోట 'గోప్య వివరాలు', మరొకచోట 'అంతర్గత సమాచారం' అని రాస్తే, అవన్నీ ఒకటేనని పాఠకుడు ఎలా పోల్చుకుంటాడు? ఒకే పదాన్ని ఎంచుకోవాలి, దాన్ని ముదురు అక్షరాల్లో పెట్టి చివరిదాకా మార్చకూడదు. నేను 'గోప్య సమాచారం' వాడతాను, 'రహస్యం' వాడను. రహస్యమంటే ఎవరికీ తెలియనిదన్న ధ్వని ఉంది. ధరల పట్టిక, ఖాతాదారుల జాబితా కంపెనీలో ఎంతోమందికి తెలిసే ఉంటాయి, అయినా అవి గోప్యమే.

ఇక మినహాయింపులు. 'అందరికీ తెలిసినది' అన్నదానికి మూలంలో ఒక తోక ఉంటుంది: 'స్వీకరించే పక్షం ఒప్పందాన్ని ఉల్లంఘించినందువల్ల కాకుండా.' ఆ తోక కోసేస్తే, అవతలివాళ్లే బయటపెట్టి, 'ఇప్పుడు అందరికీ తెలుసు కదా, ఇక ఇది గోప్యం కాదు' అనవచ్చన్న అర్థం వస్తుంది. దొంగే తలుపు తీసిపెట్టి, తెరిచిన ఇల్లు కదా అన్నట్టు. ఒకటి రెండు పత్రాల్లో ఇంకో మంచి వాక్యం కూడా చూశాను: విడివిడి భాగాలు బయట తెలిసినంత మాత్రాన, వాటి కూర్పు అందరికీ తెలిసినట్టు కాదని. శబ్దాన్ని రికార్డు చేయడం అందరికీ తెలుసు, మోటారు ఎలా అరుగుతుందో పుస్తకాల్లో ఉంది. ఆమె కిటుకు ఆ రెండింటినీ కలిపిన తీరులో ఉంది. ఆమె పత్రంలో ఆ వాక్యం లేదు. అలాంటప్పుడు అనువాదకుడు దాన్ని సొంతంగా చేర్చకూడదు, లేదని మాత్రం ఫౌండర్‌కు విడిగా చెప్పాలి.

'ముందే తెలిసినది' అన్నది అచ్చమైన తెలుగు వాక్యమే, లోపం కూడా అక్కడే. ఎవరికి తెలిసినదో చెప్పకపోయినా తెలుగు వాక్యం ఇబ్బంది పడదు. ఒప్పందం మాత్రం ఇబ్బంది పడుతుంది. 'వెల్లడించే పక్షం తెలియజేయడానికి ముందే, స్వీకరించే పక్షానికి, గోప్యత బాధ్యత లేకుండా తెలిసి ఉన్నట్టు దాని రాతపూర్వక రికార్డులు చూపించేది' అని ఆమె పత్రంలో ఉంది. అంటే 'మాకు ఎప్పుడో తెలుసు' అని నోటితో అంటే చాలదు, జూన్ 4కు ముందటి కాగితం చూపించాలి. గోప్యంగా ఉంచే బాధ్యత లేని మూడో వ్యక్తి నుంచి సక్రమంగా అందిన సమాచారం మరొక మినహాయింపు. ఆ ప్రచారంలో దాని ఊసే లేదు.

అన్నిటికంటే నష్టం చేసేది 'సొంతంగా' అన్న మాట. మూలంలో ఉండేది 'ఇండిపెండెంట్లీ డెవలప్డ్'. తెలుగులో 'సొంతంగా తయారు చేసుకున్నాం' అంటే మన చేతులతో, మన మనుషులతో, మన ఖర్చుతో చేసుకున్నామని. పక్కింటివారిని అడిగి తెలుసుకుని వండినా సొంతంగా వండినట్టే. ఒప్పందంలోని మాటకు ఈ అర్థం లేదు. అక్కడ ఎవరు చేశారన్నది కాదు ప్రశ్న, దేన్ని చూసి చేశారన్నది.

ఆ కంపెనీ జూలైలో ఆమెకు ఒక ఉత్తరం రాసింది. తమ ఇంజనీర్లే కోడు అంతా రాసుకున్నారని, ఆమె కోడులో ఒక్క వరస కూడా తీసుకోలేదని, కాబట్టి అది తమ సొంతమని. ఆ తెలుగు సారాంశం మనసులో ఉన్న ఆమె, 'నిజమే, సొంతంగా చేసుకున్నదాన్ని నేనేమీ అనలేను' అని ఊరుకున్నారు. నేను ఆ మినహాయింపును ఇలా తెలుగు చేశాను: 'గోప్య సమాచారాన్ని వాడకుండా, చూడకుండా, దాని మీద ఆధారపడకుండా, స్వీకరించే పక్షం రూపొందించుకున్నది.' చదివి ఆమె అడిగిన మొదటి ప్రశ్న, 'మరి ఆ ఇంజనీర్లలో ముగ్గురు నా సమావేశంలో కూర్చున్నారు కదా?' సరైన ప్రశ్న అదే. 11 పేజీల్లో ఉన్న విషయాల మేరకు ఆ ఉత్తరానికి జవాబు ఉంది. బోర్డు మీది విషయాలకు మాత్రం 30 రోజుల గడువు అడ్డుపడింది. ఏది ఎందులో ఉందో విడదీసి ఆమె లాయరు దగ్గరికి వెళ్లారు.

నిజంగా విడిగా రూపొందించేవాళ్లు దానికి ఆధారం ఉంచుకుంటారు. సమాచారం చూసినవారిని ఆ పనికి దూరంగా పెడతారు, తేదీలతో రికార్డులు రాస్తారు. అందుకే 'స్వతంత్రంగా' అన్న ఒక్క మాటతోనూ నేను సరిపెట్టను. అది 'ఎవరి సాయం లేకుండా' అన్న అర్థంలోకి మళ్లీ జారుతుంది. 'వాడకుండా, చూడకుండా, ఆధారపడకుండా' అన్న మూడింటినీ రాయాల్సిందే.

కోర్టు అడిగినది అసలు ఈ జాబితాలోదే కాదు. మినహాయింపు అంటే ఆ సమాచారం గోప్య సమాచారం కాకుండా పోవడం. కోర్టో, చట్టబద్ధమైన అధికారం ఉన్న సంస్థో అడిగినప్పుడు ఇవ్వడం అనుమతి మాత్రమే. ఆ ఒక్కరికి, అడిగినంత మేరకు ఇవ్వవచ్చు. ఇచ్చే ముందు, చట్టం ఒప్పుకుంటే, మీకు కబురు చేయాలి. మిగతా ప్రపంచానికి అది గోప్యంగానే ఉంటుంది. మూలంలో ఈ రెండూ వేర్వేరు క్లాజుల్లో ఉంటే, తెలుగులోనూ వేర్వేరుగానే ఉండాలి. ఒకే జాబితాలో కలిపితే, ఒకసారి కోర్టు గడప తొక్కిన సమాచారం ఇక ఎవరికైనా ఇవ్వవచ్చన్న అర్థం పుడుతుంది.

చివరిగా ఆ 'మీరు', 'వాళ్లు'. పత్రంలో ఉన్నవి 'వెల్లడించే పక్షం', 'స్వీకరించే పక్షం'. ఒప్పందం పరస్పరమైతే ఇద్దరూ రెండు పాత్రల్లోనూ ఉంటారు. ఆమెది అలాంటిదే. కంపెనీ కూడా జూన్‌లో తన యంత్రాల శబ్దాల రికార్డింగులు ఆమెకు ఇచ్చింది, ఫైళ్ల మీద గోప్యమని రాసి, కేవలం పరిశీలన కోసమని చెప్పి. 'మీరు చెప్పినదంతా రహస్యం' అని విన్న ఆమెకు, తాను విన్నది కూడా గోప్యమేనని తట్టలేదు. ఆ రికార్డింగులను తన సాఫ్ట్‌వేర్‌కు నేర్పే శబ్దాల్లో కలిపేశారు. నా తెలుగు ప్రతిలో 'స్వీకరించే పక్షం' అన్న మాట దగ్గర ఆగి, 'ఇది నేనే కదా' అన్నారు. ఆ రాత్రి నుంచి ఆమె బృందం చేస్తున్న పని, ఏ శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కొక్క ఫైలూ తెరిచి వేరు చేయడం.