గేటు తీసిందెవరు?

మా బావమరిది మేడ్చల్ దగ్గర ఒక గోడౌన్‌లో నైట్ డ్యూటీ సెక్యూరిటీ సూపర్‌వైజర్. ఆయన కళ్లుగప్పి చీమ కూడా లోపలికి పోలేదని ఇంటిల్లిపాదీ గర్వంగా చెప్పుకుంటాం. ఆ రాత్రి కూడా బిల్లులో లారీ నంబరు ఒక్క అంకె తేడాగా ఉందని డ్రైవరును నలభై నిమిషాలు గేటు బయటే నిలబెట్టాడు.

సరిగ్గా అప్పుడే, 2:40కి, జేబులో ఫోను బుర్రుమంది. కొత్త కంప్యూటర్ నుంచి మీ మెయిల్‌లోకి ఎవరో లాగిన్ అయ్యారు, అది మీరేనా అని అడుగుతోంది. కింద ఊరి పేరు కూడా ఉంది, ఆయన జన్మలో కాలు పెట్టని ఊరు. వచ్చిన ప్రతివాణ్నీ ‘ఎవరు నువ్వు’ అని నిలదీసే మనిషిని పట్టుకుని, పోయి పోయి ఒక ఫోను నిలదీయడమా! ‘అవును, నేనే’ అని నొక్కి జేబులో పడేశాడు. నోటిఫికేషన్ పోగొట్టడానికి అదే దగ్గరి దారట.

వచ్చినవాడి పనితనం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. మావాడు ఎప్పుడో ఒక చీరల సైటులో పెట్టిన పాస్‌వర్డే మెయిల్‌కూ పెట్టాడు: కూతురి పేరు, పక్కన 123. ఆ సైటులోని మెయిల్, పాస్‌వర్డ్‌ల జాబితా బయటికి పొక్కింది. అలాంటి జాబితాలోని జతలను ప్రోగ్రాములే ఒక్కో సైటులో వేసి చూస్తాయి కాబట్టి తాళం పగలగొట్టే శ్రమ కూడా లేదు. రెండో తాళం, అంటే ఫోనుకు వచ్చే కోడ్, మావాడు టెన్షన్ ఎందుకని ఏనాడో తీసేశాడు. ఇక డ్యూటీ మారేటప్పుడు చార్జి తీసుకున్నంత పద్ధతిగా, కొత్తవాడు ముందు రికవరీ నంబరు మార్చాడు, తర్వాత పాస్‌వర్డ్ మార్చాడు.

మావాడు ఆరింటికి డ్యూటీ దిగి, నాలుగు ఇడ్లీలు తిని పడుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికి లేచి పాస్‌వర్డ్ కొడితే, దాన్ని 11 గంటల కిందటే మార్చారని మెయిలే చెప్పింది.

కంగారులో నెట్ సెంటర్‌కు పరుగెత్తాడు. అలవాటు లేని కంప్యూటర్, అలవాటు లేని చోటు: ఈసారి మెయిలు ఆయన్నే దొంగనుకుంది. సాయంత్రం ఇంట్లో, రోజూ వాడే ఫోనులోనే ప్రయత్నించమన్నాను. గూగుల్‌లో రికవరీ నంబరు మార్చినా, పాత నంబరుకు ఏడు రోజుల వరకు కోడ్ వచ్చే వీలుంటుంది. వచ్చింది. ఖాతా చేతికొచ్చింది.

ఇక అయిపోయిందని ఫోను మూయబోతుంటే ఫిల్టర్లు తెరవమన్నాను. అక్కడ ఒకటి బుద్ధిగా కూర్చుని ఉంది: బ్యాంకు పేరున్న ప్రతి మెయిలూ నేరుగా చెత్తబుట్టలోకి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అది పోదు. దాన్ని తీసేసి, బ్యాంకుకు ఫోన్ చేయించాను. డబ్బు పోలేదు. ఒకవేళ పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టాల్సి వచ్చేది.

ఆ రాత్రి ఆయన మరిచిపోయిన టిఫిన్ క్యారియర్ ఇద్దామని గోడౌన్‌కు వెళ్లాను. గేటు తీయలేదు. రిజిస్టరు నా ముందుకు తోశాడు.

“బావా, ఆధార్ తెచ్చారా?”