వీడియో కాల్‌లో కనిపిస్తే చాలా?

“ప్రేమ పేరుతో మోసం చేసేవాణ్ని గుర్తుపట్టడం చాలా ఈజీ. వీడియో కాల్‌కి రాడు, వారం తిరక్కుండానే డబ్బు అడుగుతాడు. నెలల తరబడి మాట్లాడుతూ, వీడియోలో కనిపిస్తూ, ఒక్కసారి కూడా డబ్బు అడగని మనిషిని హాయిగా నమ్మేయొచ్చు. మోసపోయేది అమాయకులే.”

ఇలా అనేవాళ్ల మాటల్లో వీడియో కాల్‌కి రానివాడి సంగతి ఒప్పుకుంటాను. సముద్రం మధ్యలో ఆయిల్ రిగ్ మీద ఉన్నాననో, మిలిటరీ క్యాంపులో ఫోన్ కెమెరా వాడనివ్వరనో, కెమెరా పాడైందనో చెబుతారు. రోజంతా ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు పంపడానికి ఉన్న నెట్, రెండు నిమిషాల వీడియోకి మాత్రం ఉండదు. ఇది గట్టి గుర్తే.

కానీ దీన్ని తిరగేసి, వీడియోలో కనిపించాడు కాబట్టి నిజమైనవాడే అంటే నిలబడదు. 2024 అక్టోబరులో హాంకాంగ్ పోలీసులు ఒక ముఠాకు చెందిన 27 మందిని అరెస్టు చేశారు. వాళ్లు డీప్‌ఫేక్‌తో ముఖాలు మార్చి, అందమైన యువతుల్లా వీడియో కాల్స్‌లో మాట్లాడి, దాదాపు 4.6 కోట్ల అమెరికన్ డాలర్లు కాజేశారని పోలీసులు చెప్పారు. కొన్ని ముఠాలైతే కాల్స్ కోసమే మనుషుల్ని జీతానికి పెట్టుకుంటాయి. అక్కడ కనిపించే ముఖం నిజమైనదే, చాటింగ్ చేసేది మాత్రం ఇంకెవరో. కాల్‌లో తల పూర్తిగా పక్కకి తిప్పమనండి, ముఖం ముందు చెయ్యి అడ్డంగా ఆడించమనండి. బొమ్మ చెదిరితే దొంగ దొరికినట్టే. చెదరకపోతే మాత్రం ఏమీ తేలనట్టే లెక్క.

ఇక డబ్బు. కస్టమ్స్‌లో ఇరుక్కున్న గిఫ్ట్ పార్శిల్, ఆసుపత్రి బిల్లు, మిమ్మల్ని చూడటానికి వస్తూ టికెట్‌కి తక్కువైన మొత్తం, ఇవన్నీ పాత కథలు. ఒకటి కట్టాక ఇంకో అడ్డంకి పుడుతుంది, మనిషి మాత్రం రాడు. ఇప్పుడు ఎక్కువ నష్టం చేస్తున్న పద్ధతిలో అసలు అడగడమే ఉండదు. అది ఎలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చెబుతాను.

పొరపాటున వచ్చినట్టు ఒక మెసేజ్ వస్తుంది. మాటలు కలుస్తాయి. రెండు నెలలు గుడ్ మార్నింగ్‌లు, తిన్నావా, నిద్రపోయావా. మధ్యలో ఎప్పుడో, మామయ్య చెప్పిన ట్రేడింగ్‌లో ఈ వారం బాగా వచ్చిందని యథాలాపంగా ఒక మాట. ఎలా అని మీరే అడుగుతారు. ఒక లింక్ ఇస్తారు. మీరు 10,000 పెడితే స్క్రీన్ మీద 11,500 కనిపిస్తుంది. వెనక్కి తీసుకోమని వాళ్లే అంటారు, డబ్బు నిజంగానే మీ ఖాతాకి వస్తుంది. ఆ 1,500 వాళ్లు పెట్టిన ఎర. తర్వాత మీరు 5 లక్షలు పెడతారు, స్క్రీన్ మీద 9 లక్షలవుతుంది. తీసుకోబోతే ముందు 20 శాతం టాక్స్ విడిగా కట్టాలంటారు. అది కడితే ఖాతా ఫ్రీజ్ అయిందని ఇంకో ఫీజు. ఆ వెబ్‌సైటూ వాళ్లదే, అంకెలూ వాళ్లు టైప్ చేసినవే. మీ సొమ్ము మీకివ్వడానికి కొత్తగా డబ్బు కట్టమన్నారంటే అక్కడ ఇవ్వడానికి ఏమీ లేదు. ఇంతా చేసి, “నాకివ్వు” అని ఆ మనిషి ఒక్కసారి కూడా అనలేదు.

అందుకే ఎన్నాళ్లకి అడిగాడన్నది కాదు, అంతకుముందు ఏం జరిగిందో చూడాలి. పరిచయమైన కొద్ది రోజులకే పెళ్లి మాటలు వస్తాయి. డేటింగ్ యాప్‌లో వద్దు, వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో రమ్మంటారు. ఎందుకంటే ఫిర్యాదులు పెరిగితే యాప్ ఆ ఖాతాని తీసేస్తుంది, చేప చేజారుతుంది. తర్వాత, మన సంగతి ఇంట్లో అప్పుడే చెప్పొద్దంటారు. మూడూ అయ్యాక డబ్బు ప్రస్తావన మొదటి వారంలో వచ్చినా, ఆరో నెలలో వచ్చినా ఒకటే. అంత తొందరగా ప్రేమ కురిపించేది కూడా, రేపు మీరు కాదంటే “నన్ను నమ్మవా?” అని అడగడానికే.

అమాయకులే అన్న మాట నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పిస్తుంది. అవతల ఉన్నది ఒక్కడు కాదు. ఏ రోజు ఏం రాయాలో స్క్రిప్ట్ దగ్గర పెట్టుకుని, షిఫ్టులవారీగా పనిచేసే జట్లు ఉంటాయి. వాటికి బాగా చదువుకున్నవాళ్లూ చిక్కుతారు. పైగా ఈ మాట విన్నవాళ్లు సిగ్గుతో నోరు విప్పరు. బ్యాంకుకి చెప్పడం ఎంత ఆలస్యమైతే డబ్బు ఆపే వీలు అంత తగ్గుతుంది. కాబట్టి ముందు బ్యాంకుకి ఫోన్ చేసి, ఆ వెంటనే పోలీసులకి ఫిర్యాదు ఇవ్వండి. అవతలి వాళ్లని నిలదీయకండి, చాట్ చెరపకండి. కొన్ని వారాల తర్వాత “మీ డబ్బు వెనక్కి రప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి” అంటూ ఒక లాయరో, హ్యాకరో తగులుతాడు. మీ నంబరు అతనికి చాలాసార్లు ఆ పాత ముఠా నుంచే అందుతుంది.